సిరా చీకట్లో తెల్ల దుప్పట్లు

చిన్నప్పుడు మా బాపు నాకు చాలా చూపించాడు. పళ్లెంలో పోసిన బియ్యంలో నా వేలు పట్టి అక్షరాలు దిద్దించాడు, గడియారం విప్పి లోపలి పళ్ల చక్రాలు చూపించాడు, చెరుకు గడ కణుపును చీల్చి తీపి ఎక్కడ దాక్కుంటుందో చెప్పాడు. అవన్నీ నిజంగా జరిగాయని నాకు తెలుసు. ఒక్కటి మాత్రం జరిగిందో, జ్వరంలో కలగన్నానో ఎంతకాలమైనా తేలలేదు. నల్లటి చీకటి, అందులో తెల్లని మేఘాల్లాంటి ముద్దలు, ఒక్కో ముద్ద నడుమ దారానికి గుచ్చిన పూసల్లా చిన్న చిన్న చుక్కలు. కళ్లు మూసుకుంటే ఇప్పటికీ కనిపిస్తాయి.

"నువ్వు అప్పుడు నిమ్ము జ్వరంల ఉన్నవక్కా. కలగన్నవ్," అనేవాడు తమ్ముడు. అనేవాడేమిటి, మొన్నమొన్నటి దాకా అంటూనే ఉన్నాడు.

బాపు బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో, రసం పరీక్ష చేసే ల్యాబ్‌లో పనిచేసేవాడు. మేం ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నా ఊపిరి చిన్నప్పటి నుంచీ బలహీనమే. చెరుకు ఆడే సీజన్ మొదలైతే పిప్పి దుమ్ము గాల్లో ఎగిరేది, నాకు ఆయాసం పట్టుకునేది. బడికి నాలుగు రోజులు పోతే పది రోజులు మంచంలో ఉండేదాన్ని. చివరికి బాపే "బడి మన ఇంట్లనే పెట్టుకుందాం బిడ్డా" అన్నాడు. అమ్మ బీడీలు చుడుతూ పక్కన కూర్చునేది, నేను ఎక్కం తప్పు చెబితే చేతిలో ఆకు ఆపకుండానే సరిదిద్దేది. బడి లేదని నేను ఎప్పుడూ బాధపడలేదు. దేవుడు నాకు బడినీ బాపునూ ఒక్కచోటే ఇచ్చాడు. దానికి రోజూ దీపం పెట్టేటప్పుడు ఒక్క క్షణం ఎక్కువ నిలబడతాను.

ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పాతబడి తీసేసిన మైక్రోస్కోపు ఒకటి ఉండేది. కెమిస్టు సారు బదిలీ మీద పోతూ దాన్ని బాపుకు ఇచ్చేశాడు. కరెంటు దీపం లేనిది, కింద చిన్న అద్దం ఉండేది. కిటికీలో పెట్టి ఎండను అద్దంలోకి పట్టాలి. అమ్మ దసరాకు దానికి కూడా బొట్టు పెట్టేది.

నాకు నిమ్ము చేసి, సూదుల మీద సూదులు పడి, కాస్త తేరుకుంటున్న రోజులవి. క్రషింగ్ సీజన్ చివర, ఎండ ముదురుతోంది. నరికిన చెరుకు బండ్ల మీదే ఎండుతూ గేటు బయట వరుసలో నిలబడి ఉంది. అలా నిలిచిన చెరుకు రసం జిగురు పడుతుందని ఇంట్లో రోజూ బాపు చెప్పేవాడు. గానుగల కింది తొట్లలో, జల్లెళ్ల మీద, గొట్టాల్లో కప్ప గుడ్ల లాంటి తెల్లటి ముద్దలు పేరుకునేవట. ఆవిరి కొట్టి, సున్నం వేసి కడిగినా మళ్లీ పట్టేవట. ఆ రసం కాస్తే ఆలస్యంగా చిక్కపడేది. చక్కెర పలుకులు కుదురుగా రాకుండా సూదుల్లా సాగేవి. ల్యాబ్ మీద మాట వచ్చేది. బాపు అన్నం తింటూ తింటూ ఆగిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం అన్నానికి వస్తూ సీసాలో ఆ జిగురు తెచ్చాడు. తమ్ముడు బడికి పోయాడు. అమ్మ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. నన్ను దుప్పటితో సహా ఎత్తి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, "ఒక కన్ను మూసి సూడు," అన్నాడు.

అప్పుడు చూశాను ఆ చీకటిని.

"గా నల్లగున్నది సిరా బిడ్డా. తెల్లగ కనబడేది పురుగులు నేసుకున్న దుప్పటి. నడుమ చుక్కలున్నయే, గవే పురుగులు. చక్కెర తిని, గా చక్కెరతోనే దుప్పటి నేసుకుంటయి."

"దుప్పటి ఎందుకు బాపు?"

"ఎండకు ఎండిపోకుండ. ఎవడన్న మింగనొస్తే దొరకకుండ. మందు పోస్తే లోపలికి తొందరగ అందకుండ. మేం గంత సున్నం కొట్టినా గా లోపలున్నయి సావనే సావయి. అన్నిటి కంటె బయటున్నయే సస్తయి."

"నాకు నిమ్ము తెచ్చింది గిదేనా?"

"కాదు, గది వేరే జాతి. దానికి గూడ దుప్పటి ఉంటదని డాక్టరు చెప్పిండు. నీ రక్తంల కావలోళ్లు ఉంటరు. పట్టుకొని మింగుదామంటే జారిపోతది. నీ ఒళ్లే నేర్సుకుంటది, గా దుప్పటికి కొక్కేలు తగిలిస్తది. అప్పుడు కావలోళ్లకు పట్టు దొరుకుతది. అందాక సూదిమందు ఆపుతది."

నా ఒంటి మీది దుప్పటి అంచు నా మెడ చుట్టూ సర్ది, "నువ్వు గూడ కప్పుకో," అన్నాడు. ఆ మాట తర్వాత నాకు నిద్ర పట్టింది. లేచేసరికి మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పి ఉంది, బాపు డ్యూటీకి పోయాడు, తమ్ముడు బడి నుంచి వచ్చాడు. వాడికి చెప్పాను. వాడు నవ్వాడు. అమ్మ నా నుదురు మీద చెయ్యి పెట్టి జ్వరం చూసింది.

మళ్లీ చూపించమని అడిగాను. ఎండ ముదిరి సీజన్ ముగిసింది, రసం లేదు. తర్వాతి సీజన్లలో బాపుకు తీరిక దొరకలేదు. ఆ తర్వాత ఫ్యాక్టరీయే ఆగిపోయింది. కొన్నాళ్లకు బాపు కూడా లేడు. అమ్మ పోయింది. నాకు మిగిలింది మైక్రోస్కోపు, తేలని ఆ ఒక్క మధ్యాహ్నం.

ఈ మధ్య నేనే ప్రయత్నించాను. ఉండేది బోధన్‌లోనే, తమ్ముడి ఇంటికి మా ఇంటికి నడుమ ఒక్కటే గోడ. రోజూ సాయంత్రం నలుగురైదుగురు పిల్లలకు అక్షరాలు చెబుతాను. బాపు నాకు చెప్పినట్టే, బియ్యంలో. పిల్లలు వెళ్లాక ఒకసారి పెన్నులో పోసే సిరా చుక్కతో స్లైడు చేశాను. అంతా ఒకే నీలం. మేఘం లేదు, పూసలు లేవు. తమ్ముడు తలుపు దగ్గర నిలబడి చూసి, "ఏం కనబడ్డది? బాపు కనబడ్డడా?" అని ఎగతాళి చేశాడు. వాడు అలా అన్న రోజున దేవుడి గదిలో కూర్చున్నాను కానీ ఏమీ అడగలేకపోయాను. ఏమని అడగాలి? జరిగింది మళ్లీ జరగాలనా, జరిగిందని తెలియాలనా?

తమ్ముడి కూతురు నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతోంది, మైక్రోబయాలజీ. రోజూ బస్సులో పోయి వస్తుంది. ఒకరోజు వచ్చి, "అత్తమ్మా, ఈ వారం మాకు నెగెటివ్ స్టెయినింగ్ నేర్పిస్తున్నరు," అంది.

"అంటే?"

"మామూలుగ రంగేస్తే బ్యాక్టీరియాకు రంగు పడతది గద. దీంట్ల ఉల్టా. రంగు చుట్టూ పడతది. బ్యాక్టీరియాకు, దాని మీది పొరకు పడది. నల్ల సిరా ఏస్తే వెనుక అంతా నల్లగ, నడుమ పొర తెల్లగ కనబడతది."

నేను చేతిలోని గ్లాసు కింద పెట్టాను. అప్పటికే కన్ను తడి అయింది.

"ఏమైంది అత్తమ్మా?"

చెప్పాను. పిల్ల చిన్నప్పటి నుంచి విన్న కథే గాని, మొదటిసారి నవ్వకుండా విన్నది. "పెన్ను సిరా ఎందుకు పనికి రాలేదో తెలుసా? గది నీళ్లల్ల కరిగిన రంగు. పొరలకు గూడ దూరిపోతది. మాది బొమ్మలేసే ఇండియా ఇంకు. దాంట్ల మసి పలుకులుంటయి. గవి పొరలకు పోలేవు, బయటనే ఆగుతయి. తాతకు గది యాడిది?"

బాపు మాట గుర్తొచ్చింది. ఫ్యాక్టరీ నక్షాలు గీసే సెక్షన్‌లో నల్ల సిరా ఉండేదని, దాన్ని అడిగి తెచ్చుకునేవాడని. దాని సీసా చాలా కాలం మా అటక మీద ఉండేది. అందులో ఉన్నది వట్టి మసేనని నాకు అప్పుడు తెలియదు.

"గట్లయితే చేద్దాం. కానీ పురుగుకు దుప్పటి కావాలంటే తీపి కావాలె," అంది పిల్ల. "మామూలు మీడియం, అంటే ల్యాబ్ మేత మీద పెంచితే ఇవి పొర సరిగ్గ నెయ్యవు. చెరుకు రసమే తెద్దాం. పాతది."

పాత రసం తేవడం తేలిక పని కాదని మాకు బస్టాండు దగ్గరే తెలిసింది. రసం బండి భాయ్ మా ఇద్దరినీ బాగా ఎరుగును. నేను పోయి, "భాయ్, నిన్నటి రసం ఉన్నదా?" అన్నాను.

అతను చేతిలోని చెరుకు గడ ఆపి నా వంక చూశాడు. "గిదేందమ్మా? నా దగ్గర నిన్నటి రసమెక్కడిది? ఏ పూటది గా పూటనే. అల్లా కసం."

"తాగడానికి కాదు భాయ్."

"ఎవ్వలు పంపిండ్రు? మున్సిపాలిటీ వాళ్లా?"

"లేదు భాయ్, మా పిల్ల చదువుకు."

"గిసొంటి చదువు గూడ ఉంటదా? తాజా రసం తాగితే పిల్లకు తెలివొస్తది, పాచిది తాగితే జులాబు వస్తది. ఏం చదువమ్మా?"

చివరికి తాజా రసమే రెండు గ్లాసులు తాగించాడు, డబ్బు తీసుకోలేదు. పోతూ పోతూ, ఎండలో పడి ఉండి కొసలు పుల్లబడిన చెరుకు ముక్కలు మూడు సంచిలో వేసి, "నా బండి పేరు చెప్పకుండ్రి," అన్నాడు.

ఆ ముక్కల రసం పిండి, సీసాలో పెట్టాం. మరుసటి రోజు ముట్టుకుంటే వేలికి సన్నటి తీగ సాగింది. ముక్కుకు పులుపు వాసన. నా చిన్నతనపు క్వార్టర్స్ వాసన. అది మూర్ఖత్వమేమో గాని, ఆ సీసాను దేవుడి గది అంచున పెట్టి వచ్చాను.

మొదటి రోజు ఏమీ రాలేదు. పిల్ల నేర్చుకున్న పద్ధతిలో జాగ్రత్తగా చేసింది. స్లైడు మీద రసం పలుచగా పూసి, ఆరనిచ్చి, స్పిరిట్ దీపం మంట మీద మూడుసార్లు అటూ ఇటూ దాటించి, రంగేసి, కుళాయి కింద కడిగి, సిరా పూసింది. కిటికీలో పెట్టి అద్దం తిప్పింది. చాలాసేపు చూసింది.

"పూసలు ఉన్నయి అత్తమ్మా. దుప్పటి లేదు."

నేను చూశాను. గింజలు మాత్రమే, ఊదారంగులో, ఒంటిగా. చుట్టూ చీకటి వాటిని అంటుకుని ఉంది. ఆ గింజలు చలికి వణుకుతున్నట్టు నాకు తోచింది. నా పిచ్చి.

అప్పుడే తమ్ముడు దుకాణం నుంచి వచ్చాడు. కరెంటు సామాను దుకాణం వాడిది. "మొత్తానికి కలే అని తేలిందా అక్కా?" అన్నాడు. వాడు ఆ మాట అన్నాక అటూ ఇటూ తిరిగాడు కాని వెళ్లలేదు.

"సోమవారం మేడంను అడుగుత," అంది పిల్ల.

సోమవారం దాకా ఆగలేదు, ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. కాలేజీ మేడం గొంతు స్పీకర్లో స్పష్టంగా వినిపించింది. "మంట మీద పెట్టినవా? అందరూ చేసే తప్పే. మామూలు రంగులకు మంట అలవాటైపోయింది గదా, చెయ్యి దానంతట అదే పోతది. ఆ పొరలో ఎక్కువ భాగం నీళ్లే. వేడికి ముడుచుకుపోతది. కడిగితే కొట్టుకుపోతది. తడిగనే సిరా చుక్కలో కలుపు, పైన పల్చటి గాజు పెట్టు, అంచు అద్దుడు కాగితంతో అద్దు, వెంటనే చూడు. అంతే."

నేను కళ్లు మూసుకున్నాను. ఆ మధ్యాహ్నం మొత్తం మళ్లీ నడిచి వచ్చింది. బాపు ఇంట్లో ఏ స్లైడు చేసినా స్పిరిట్ దీపం వాసన వచ్చేది. ఆ రోజు లేదు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు లేదు. ఉన్నది న్యూస్‌పేపరు ముక్క. దాన్ని గాజు అంచుకు తాకించి, నల్లటి తడి పీల్చుకోవడం నాకు చూపిస్తూ, "కాగితం దప్పిక తీర్సుకుంటున్నది సూడు," అన్నాడు. ఈ ముక్క నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత విషయమని తెలియక.

కలలో ఎవరికైనా వాసన లేకపోవడం గుర్తుంటుందా?

మరునాడు ఆదివారం. పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టాను. పిల్ల కొత్త సిరా సీసా, గాజు ముక్కలు, లెన్సుకు అద్దే నూనె చుక్క సిద్ధం చేసింది. తమ్ముడు దుకాణం తెరవలేదు. ఎందుకని అడగలేదు నేను.

మొదటి చుక్క మొత్తం నలుపు, వెలుగే రాలేదు. "సిరా ఎక్కువైంది," అంది పిల్ల. సిరాలో నీళ్లు కలిపి, రసపు జిగురు గుండుసూది తలంత తీసి కలిపింది. పల్చటి గాజు పెట్టింది. నేను న్యూస్‌పేపరు అంచు చింపి ఇచ్చాను. ఆమె అద్దింది. అద్దం ఎండ వైపు తిప్పింది. "అత్తమ్మా," అంది. కుర్చీ నా వైపు జరిపింది.

నేను కుర్చీలో కూర్చున్నాను. ఒక కన్ను మూశాను.

పొగమంచు చీకటిలా సిరా. అందులో తెల్లటి మేఘాలు. అంచులు సన్నగా కరుగుతున్నట్టు ఉన్నాయి. వాటి నడుమ దారానికి గుచ్చినట్టు పూసలు. నాకు గుర్తున్న దానికంటే చిన్నగా ఉన్నాయి. నాకు గుర్తున్న దానికంటే నిమ్మళంగా ఉన్నాయి. అంతే తేడా.

"అంచు కలిసిపోయినట్టుంది గద," పక్కన పిల్ల చెబుతోంది. "గిది వదులు పొర, మీద కప్పుకున్న గొంగడి లెక్క. నిమ్ము తెచ్చేదానిది అట్ల ఉండది, ఒంటికి కుట్టిన చొక్కా లెక్క. దాని అంచు గట్టిగ, గీత గీసినట్టు కనబడతది. దాన్నే క్యాప్సూల్ అంటరు. గిదేమో స్లైమ్ లేయర్."

బాపు రెంటినీ దుప్పటి అనేవాడు. ఆయనకు కొక్కేలు కూడా తెలుసు, కాని చొక్కాకూ గొంగడికీ తేడా చెప్పాల్సిన తీరిక దొరకలేదు. అది చెప్పడానికి మనుమరాలు ఉంది. దేవుడు ఎవరి పాఠం ఎవరి నోట పూర్తి చేయిస్తాడో.

కన్ను తీశాను. తమ్ముడు నా వెనక నిలబడి ఉన్నాడు. లుంగీ కొసను వేళ్లతో నలుపుతున్నాడు.

"సూస్తవా?" అన్నాను.

"నాకేం కనబడుతది."

"కూసో."

కూర్చున్నాడు. రెండు కళ్లూ తెరిచే చూశాడు, పిల్ల నవ్వి ఒక కన్ను మూయించింది. కుర్చీలో పెద్ద మనిషి, ఆ చిన్న గొట్టం మీద వంగి. తర్వాత అన్నాడు, గొంతు తగ్గించి:

"గిదేనా అక్కా?"

"గిదే."

"నువ్వు గిట్ల చెప్పినప్పుడల్లా... నాకు కోపమొచ్చేది. బాపు నాకెందుకు సూపియ్యలె?"

ఆ మాట అంతకాలం వాడి ఎగతాళి కిందే ఉందని నాకు అప్పుడే తెలిసింది. వాడికి కలని కొట్టిపారేయడం తప్ప ఇంకో దారి లేకపోయింది. నిజమైతే అది వాడికి దక్కని మధ్యాహ్నం అవుతుంది.

"నువ్వు బడికి పోయినవ్ రా," అన్నాను. "నేను ఇంట్ల ఉన్న. గంతే."

వాడు తల ఎత్తలేదు. "అంచుల వెంబడి ఆరిపోతున్నది," అన్నాడు కాసేపటికి. పిల్ల వంగి చూసింది. నిజమే, సిరా ఆరి సన్నగా పగుళ్లు పడుతోంది, తెల్లని మేఘాలు ఆ పక్క నుంచి చిక్కిపోతున్నాయి. ఈ స్లైడు దాచుకోవడం కుదరదు. బాపు మళ్లీ చూపించకపోవడానికి కారణం తీరిక లేకపోవడం ఒక్కటే కాదేమో. అందుకే నాకు దాని ఆనవాలు కూడా మిగలలేదు.

పిల్ల ఫోన్‌ను గొట్టం పై అద్దానికి ఆనించి ఫొటో తీసింది. మసకగా వచ్చింది, చుట్టూ నలుపు, నడుమ ఒక తెల్ల మరక. నాకు పంపుతానంది. పంపమన్నాను, కాని చూసుకోలేదు.

"పోయిందక్కా," అన్నాడు తమ్ముడు, ఇంకా కన్ను గొట్టానికి ఆనించి. "నడుమ ఒక్కటి ఉన్నది. గది గూడ పోతున్నది."

"లేవకు," అన్నాను. "ఇంకో చుక్క పెడుత."

రసం సీసా మూత తీశాను. పులుపు వాసన గదంతా నిండింది. గాజు ముక్క తుడిచి, సిరాలో నీళ్లు కలిపాను. పిల్ల నా మణికట్టు పట్టుకుని జిగురు ఎంత కలపాలో చూపించి, పైన పల్చటి గాజు పెట్టింది. అగ్గిపెట్టె ఎవరూ ముట్టుకోలేదు. కాగితం కొసను గాజు అంచుకు ఆనించగానే నల్లటి తడి మెల్లగా దానిలోకి ఎక్కింది. తమ్ముడు దాన్నే చూస్తున్నాడు.

"కాగితం దప్పిక తీర్సుకుంటున్నది సూడు," అన్నాను. ఆ మాట నా నోట బాపు గొంతుతోనే వచ్చింది.

వాడు ఒక కన్ను మూశాడు.